రెండున్నర తలల నాన్న

చెల్లి పెళ్లికార్డు మీద నలుగురు ఉండాలంది. మధ్యలో తనూ పెళ్లికొడుకూ, ఒక పక్కన అమ్మా నాన్నా. అందరూ చిబి బొమ్మలుగా. నాన్న పోయి మూడేళ్లయింది. లోపల పేరు ముందు కీ.శే. అని ఎలాగూ పడుతుంది కదా, బయట మాత్రం మామూలుగా నిలబడి ఉండాలి అంది.

కార్డులు వేసేవాళ్లు పంపిన శాంపిల్ చూశాక ఈ పని నా మెడకు చుట్టుకుంది. వాళ్ల దగ్గర పెళ్లికొడుకు తండ్రి అని ఒక రెడీమేడ్ బొమ్మ ఉంటుంది. పంచె, కండువా, నమస్కారం పెట్టిన చేతులు. మనం ఫోటో పంపితే ముఖం కత్తిరించి, కాస్త కార్టూన్ రంగు పూసి, ఆ మెడ మీద అతికిస్తారు. ముఖం నాన్నదే. అయినా అది నాన్న కాదు. ఎందుకు కాదో చెప్పలేక "నేనే వేస్తాలే" అనేశా. పగలంతా కోడ్ రాసుకుని రాత్రిళ్లు చిన్న పెన్ టాబ్లెట్ మీద బొమ్మలు గీసుకునే అలవాటుంది నాకు. అంతకుమించి అర్హతేం లేదు.

ఆ శాంపిల్‌లో తేడా ఎక్కడుందో మా ఆఫీసులో ఒకతని టేబుల్ మీద బొమ్మ చూస్తే అర్థమైంది. నెండొరాయిడ్ అని, జపాన్‌లో 2006 నుంచి వస్తున్న బొమ్మలు. పది సెంటీమీటర్ల ఎత్తుంటాయి, అందులో దాదాపు సగం తలే. దాని ముఖం పలకలా ఊడొస్తుంది. నవ్వే ముఖం తీసి ఏడ్చే ముఖం పెట్టొచ్చు. ముందు జుట్టు ఒక ముక్క, వెనక జుట్టు ఒక ముక్క. అతను సరదాగా వేరే బొమ్మ ముఖం తెచ్చి దీనికి పెట్టాడు. ఎవరికీ తేడా తెలీలేదు. జుట్టు మార్చాడు. అంతే, మనిషే మారిపోయింది.

చిబి అంటే జపనీస్ వాడుకలో పొట్టిది, బుడ్డది అని. మాంగాలో అప్పటిదాకా గంభీరంగా ఉన్న మనిషి సిగ్గుపడినప్పుడో, కోపం నెత్తికెక్కినప్పుడో ఉన్నట్టుండి ఒక్క గడిలో బుడ్డదైపోతుంది. ముక్కు మాయం, నోరు ఒక గీత. అయినా ఎవరో పాఠకుడికి రెప్పపాటులో తెలియాలి. కాబట్టి జుట్టూ బట్టలూ పోకూడదు. మన పత్రికల్లో క్యారికేచర్ దీనికి సరిగ్గా ఉల్టా. అక్కడ ఆర్టిస్టు ముక్కునో గడ్డాన్నో పట్టుకుని సాగదీస్తాడు, ముఖమే ఆస్తి. చిబిలో ముఖం దాదాపు చెరిపేస్తాం. మనిషిని గుర్తుపట్టే బాధ్యత మొత్తం జుట్టు మీదా, చొక్కా మీదా పడుతుంది. కార్డువాళ్లు చేసింది ఏంటంటే, చిబిలో పనికిరాని ముఖాన్ని భద్రంగా దాచి, పనికొచ్చే రెండిటినీ పారేశారు.

నేను తీసుకున్న ఫోటో తొంభైల్లోది. ఎవరిదో పెళ్లిలో షామియానా గుంజ పక్కన నాన్న ఒక్కడే నిలబడి ఉన్నాడు. కాఫీపొడి రంగు సఫారీ. చొక్కా, ప్యాంటూ ఒకే గుడ్డ, నాలుగు జేబులు. మా ఇంట్లో ఏ పెళ్లి ఆల్బమ్ తీసినా ఏదో ఒక మూల ఆ సఫారీ కనిపిస్తుంది. జుట్టు నూనె పెట్టి అణచి దువ్వి, పాపిడి తీసి, రెండు కణతల దగ్గరా కొంచెం వెనక్కి జరిగి ఉంటుంది. మీసం. పెళ్లికొచ్చినా జేబులో పెన్ను.

ఫోటో స్కాన్ చేసి కొలిచా. మడమ నుంచి నడినెత్తి దాకా 1480 పిక్సెళ్లు, అందులో తల 200. అంటే నాన్న ఏడుంబావు పైచిలుకు తలల ఎత్తు. పెద్దవాళ్లు సాధారణంగా అంతే ఉంటారు. చిబి రెండు తలల నుంచి మూడు తలల దాకా ఉండొచ్చు. రెండైతే చొక్కాకి చోటుండదు, మూడైతే పెద్ద తలున్న మనిషిలా ఉంటాడు తప్ప చిబి అనిపించడు. రెండున్నర దగ్గర ఆగా. మొత్తం బొమ్మ 1500 పిక్సెళ్లు అనుకుంటే తల 600, మెడ కింద నుంచి 900. తల మూడింతలు పెరిగింది. ఒళ్లు 1280 నుంచి 900కి, అంటే పదో వంతుల్లో ఏడుకి తగ్గింది.

ఇంజినీర్ని కదా, ఈ రెండు అంకెలు దొరకగానే పని అయిపోయిందనుకున్నా. ఫోటోలో మెడ పైన ఉన్నవన్నీ మూడుతో హెచ్చించా, మెడ కింద ఉన్నవన్నీ 0.7తో. కళ్లు మాత్రం చిబి పద్ధతిలో పెద్దవి చేసి కిందికి దించా. ఆ వారాంతం రెండు రాత్రులు కూర్చుని పూర్తి చేసి అమ్మకి పంపా.

అమ్మ ఫోన్ చేసి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మీ నాన్నని ఉయ్యాల్లో పిల్లాణ్ణి చేశావేంట్రా" అంది.

నవ్వుతూ అన్లేదు.

ఫోన్ పెట్టేశాక బొమ్మ తెరిచి చూస్తే నిజమే. ఉబ్బిన నుదురు, నెత్తి మీద పల్చటి జుట్టు, కింద ఒంటికి ఒకే రంగు గుడ్డ. మీసం అంటించిన పసిబిడ్డ. స్టీఫెన్ జే గూల్డ్ 1979లో మికీ మౌస్ మీద ఒక వ్యాసం రాశాడు. యాభై ఏళ్లలో మికీ ప్రవర్తన మర్యాదస్తుడిలా మారేకొద్దీ, బొమ్మలో తల, కళ్లు పెద్దవై, నుదురు ఉబ్బి, మికీ పసివాడిలా మారుతూ వచ్చాడని కొలిచి చూపించాడు. పెద్ద తల, కిందికి దిగిన కళ్లు, ఎత్తు నుదురు కనిపిస్తే మన మెదడు పసిపాప అనే చదువుకుంటుంది. చిబి ముద్దొచ్చేది ఆ చదువు వల్లే. కానీ యాభై దాటిన మనిషిని చిబి చేస్తే అదే అడ్డం తిరుగుతుంది. దాన్ని ఆపగలిగేవి మళ్లీ జుట్టూ బట్టలే. నా బొమ్మలో అవి కూడా పసితనం వైపే సాక్ష్యం చెప్తున్నాయి.

ముందు నుదురు. ఫోటోలో కనుబొమలు నడినెత్తి నుంచి 85 పిక్సెళ్ల కింద, జుట్టు మొదలయ్యే చోటు 25 కింద. మధ్యలో నుదురు 60. నా బొమ్మలో కళ్లు కిందికి దించడం వల్ల కనుబొమలు 305 దగ్గరకొచ్చాయి. జుట్టు గీత మాత్రం నిజాయితీగా మూడుతో హెచ్చించి 75 దగ్గర పెట్టా. మధ్యలో నుదురు 230. అంటే తల మూడింతలైతే నుదురు నాలుగింతలకి దగ్గరగా పెరిగింది. ఫోటోలో కాస్త వెనక్కి జరిగిన జుట్టు బొమ్మలో ఇంకా మొలవని జుట్టయింది. బట్టతల మొదలైనవాళ్లని చిబి చేస్తే వచ్చే చిక్కు ఇదే. తెలిసిపోతుంది కూడా. బొమ్మలో మీసం మీద వేలు అడ్డం పెట్టి చూడండి. వయసు ఒక్కసారి యాభై నుంచి ఏడాదికి పడిపోతే నుదురు తప్పినట్టే.

జుట్టు గీతని 75 నుంచి 150కి దించా. నుదురు 155 అయింది, అంటే రెండున్నర ఇంతలు. కొలతల ప్రకారం చూస్తే నాన్నకి లేని జుట్టు ఇచ్చినట్టు. కానీ కణతల దగ్గర వెనక్కి జరిగిన ఆ రెండు కోణాల్నీ వదల్లేదు. వాటిని 95 దాకా పైకి తీసుకెళ్లి, గుండ్రంగా కాకుండా కాస్త పదునుగా గీశా. పసివాళ్ల జుట్టు అంచు మెత్తగా కలిసిపోతుంది, పెద్దవాళ్లది కోణంగా తెగుతుంది. ఎంత జుట్టు పోయిందన్నది కాదు, ఎలా పోయిందన్నది గుర్తు. ఆ ఆకారం ఉంటే చాలు, విస్తీర్ణం తగ్గినా ఎవరూ అడగరు.

అణచి దువ్విన జుట్టుతో ఇంకో తంటా ఉంది. చిబి ఎలా గీయాలో చెప్పేవాళ్లంతా జుట్టుని పుర్రె మీద నుంచి పైకి లేపమంటారు, అప్పుడే ఒత్తుగా, అందంగా ఉంటుంది కాబట్టి. లేపితే నాన్న తొంభైల నాటి సినిమా హీరో అయ్యాడు. లేపకపోతే గుండ్రటి తల మీద హెల్మెట్. చివరికి అంచు అణిగే ఉంచి, లోపల దువ్వెన పళ్ల గీతలు నాలుగే నాలుగు, పాపిడి నుంచి చెవి దాకా పొడుగ్గా లాగా. ఫోటోలో అలాంటి గీతలు యాభై ఉంటాయి. యాభైనీ గీస్తే చిన్న సైజులో బూడిదరంగు ముద్దవుతుంది. కళ్లు చికిలించి ఫోటో చూస్తే జుట్టు ఎన్ని పాయలుగా విడిపోయి కనిపిస్తుందో అన్నే గీయాలి. నాన్నకి అవి మూడు: పాపిడికి ఇటు చిన్న పాయ, అటు పెద్ద పాయ, చెవుల మీద నెరిసిన పట్టీ.

ఇక సఫారీ. ఇది నాకు తట్టనే లేదు. ఏడు తలల మనిషి మీద పైనా కిందా ఒకే గుడ్డ హుందాగా ఉంటుంది, కాళ్లు పొడుగ్గా ఉంటాయి కాబట్టి. అదే గుడ్డని తల కన్నా ఒకటిన్నర రెట్లే ఉన్న ఒంటికి చుడితే చొక్కా ఎక్కడ ఆగిందో, ప్యాంటు ఎక్కడ మొదలైందో కంటికి దొరకదు. పసిపిల్లలకి తొడిగే జిప్పు డ్రెస్ అయిపోతుంది. కార్డువాళ్ల పంచె కండువా బొమ్మకి ఈ బాధ లేదు, తెలుపూ అంచూ ఉంటాయి. ఒక దశలో పోనీ నాన్నకీ పంచె కట్టేద్దామా అనుకున్నా. కానీ పంచెలో నాన్నని నేను చూసింది రెండుసార్లేమో.

చేసిందేంటంటే, చొక్కా అంచుని గంటలా రెండు పక్కలా ముప్ఫై పిక్సెళ్లు బయటికి లాగా. సఫారీ చొక్కా ప్యాంటులోకి దోపేది కాదు కదా, తుంటి మీదుగా వేలాడుతుంది. ఆ వేలాడటం మొత్తం ఆకారపు అంచులో కనిపించాలి. దాని కింద ప్యాంటు మీద పడే నీడని ముదురుగా వేసి, ప్యాంటు రంగే ఒక మెట్టు దించేశా. నిజానికి రెండూ ఒకే తానులోంచి కుట్టినవి. నీడ అనే వంకతో ఈ అబద్ధం చెల్లిపోతుంది. నాలుగు జేబుల్లో కింది రెండూ పెద్దవి చేశా, మూతలతో సహా, ఎందుకంటే సఫారీకీ మామూలు చొక్కాకీ తేడా చెప్పేవి అవే. పైన కుడి జేబు తీసేశా. చేతులు సన్నం, పొట్టి చేతుల చొక్కా అంచు మాత్రం వెడల్పు. ఫోటోలో ఉన్న ముడతలన్నీ పోయాయి. ప్యాంటు మీద ఇస్త్రీ గీత ఉంచా, కాలికి ఒకటి. పసిపిల్లల ప్యాంట్లకి ఇస్త్రీ గీత ఉండదు.

అమ్మ బొమ్మ దీంతో పోలిస్తే గంటల పని. చీర చిబికి కలిసొచ్చే బట్ట. అంచు, పైట, కుచ్చిళ్లు అన్నీ దూరానికి కనపడే గుర్తులే. అంచులో గోపురాలు ముప్ఫై పైన ఉంటే ఆరింటికి దించి ఒక్కొక్కటీ పెద్దవి చేశా. కుచ్చిళ్లు మూడు. అమ్మ తన బొమ్మ గురించి ఒక్క మాటా అన్లేదు. నాన్న దగ్గరే ఉండిపోయింది.

పెన్ను విషయానికొస్తే, అక్కడే నా మొదటి లెక్క పూర్తిగా తప్పని తెలిసింది. ఫోటోలో పెన్ను క్లిప్పుతో కలిపి ఆరు పిక్సెళ్ల వెడల్పు. మెడ కింద ఉంది కాబట్టి 0.7తో హెచ్చించి నాలుగు చేశా. కార్డు మీద బొమ్మ ఎత్తు నాలుగు సెంటీమీటర్లు. 1500 పిక్సెళ్లు 40 మిల్లీమీటర్లయితే నాలుగు పిక్సెళ్లు ఒక మిల్లీమీటర్లో పదో వంతు. ప్రింటులో అది పెన్ను కాదు, దుమ్ము. మరి పెన్ను లేకుండా నాన్నా? కాబట్టి ఏది పెరగాలి, ఏది తగ్గాలి అన్నది మెడ పైనా కిందా అనే గీతని బట్టి ఉండదు. మనిషిని పట్టించే వస్తువు ఒంటి మీద ఎక్కడున్నా తలతో పాటు మూడింతలు పెరగాలి. అది ఉన్న జేబు, ఆ జేబున్న చొక్కా ఒంటితో పాటు తగ్గాలి. పెన్ను 18 పిక్సెళ్లయింది, కార్డు మీద దాదాపు అర మిల్లీమీటరు. జేబులోంచి సగం బయటికి పొడుచుకొచ్చి కొంచెం హాస్యంగా ఉంది. ఉండనీ అనుకున్నా. ఇలా పెంచడానికి ఒక్క వస్తువుకే చోటుంటుంది, మహా అయితే రెండింటికి. వాచీ కూడా పెంచి చూశా. నాన్న సామాన్లు అమ్ముకునేవాడిలా తయారయ్యాడు. తీసేశా.

అప్పుడు పరీక్ష. బొమ్మ మొత్తాన్ని నల్లగా నింపేసి, కళ్లూ ముక్కూ రంగులూ ఏమీ లేకుండా బొటనవేలి గోరంత చేసి, మా వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టా. "ఎవరో చెప్పండి" అని. అంచు ఒక్కటే చూసి గుర్తుపడితే మిగతాదంతా అదనం. మొదటి బొమ్మని ఇలాగే నింపి చూస్తే గుడ్డు కింద దిండులా ఉంది. ఈసారి చొక్కా గంట కనిపిస్తోంది, పొట్టి చేతుల వెడల్పు కనిపిస్తోంది. అయినా పిన్ని "ఎవరో పెద్దాయన" అంది. సగం గెలిచినట్టే, కనీసం పెద్దాయన అయ్యాడు. ఇంకెవరూ చెప్పలేకపోయారు.

తలలో ఏదో తక్కువైంది. ఫోటోని పెద్దది చేసి అంచు వెంట చూస్తూ వెళ్తే, నడినెత్తి వెనక, షామియానా గుడ్డ మీద, మూడు వెంట్రుకలు. ఎనిమిది పిక్సెళ్ల ఎత్తు. నాన్నకి సుడి దగ్గర జుట్టు ఎంత నూనె పెట్టినా లేచి నిలబడేది. అద్దం ముందు తడి చెయ్యి పెట్టి అణుచుకుంటూ ఉండేవాడు, బస్సెక్కేసరికి మళ్లీ లేచేది. ఫోటో దాన్ని దాదాపు దాచేసింది. మూడుతో హెచ్చిస్తే 24 పిక్సెళ్లు రావాలి. నేను 70 గీశా. దీనికి ఏ నిష్పత్తీ లేదు, ఫోటోలో లేనిది నాకు గుర్తున్నంత మేర గీశానంతే. మళ్లీ నల్లగా నింపి గ్రూపులో పెట్టా. బాబాయ్ ఒక్క నిమిషంలో "అన్నయ్య" అని పెట్టాడు. వెనకే పిన్ని, "బావగారే! ఆ సఫారీ చొక్కా!" అంది. ఒకరికి జుట్టు, ఒకరికి చొక్కా.

రంగుల బొమ్మ ముందు చెల్లికి పంపా. ఏడుపు ముఖాలు నాలుగు పెట్టి ఓకే అంది. తర్వాత అమ్మకి.

ఈసారి వీడియో కాల్ చేసింది. చెల్లి ఫోన్‌లో బొమ్మ తెరిచి పెట్టుకుంది, తన ఫోన్‌లో నేను. దగ్గరగా పెట్టుకుని చూసింది, పెద్దది చేసి చూసింది. "ఆ పెన్నొకటి" అంది. తర్వాత చెయ్యెత్తి, తన తల మీద కాదు, ఎదురుగా ఎవరో నిలబడి ఉన్నట్టు గాల్లో దువ్వెనతో గీసినట్టు గీసి, "పాపిడి అటు కాదురా. ఇటు" అంది.

ఫోటో తెరిచా. అమ్మే రైటు. నేను గీసేది క్రీటాలో. అందులో `M` నొక్కితే తెర మీద బొమ్మ అద్దంలోలా తిరగబడుతుంది. తప్పులు పట్టుకోవడానికి అందరూ వాడే ఉపాయం, బొమ్మ ఎడమ కుడి మారితే వంకరలు కొట్టొచ్చినట్టు కనపడతాయి. నిజంగా తిరగబడేది బొమ్మ కాదు, మన చూపు మాత్రమే. నుదురు సరిచేసిన రాత్రి అలా తిప్పి, మళ్లీ నొక్కడం మర్చిపోయి, పక్క కిటికీలో తిప్పని ఫోటో చూస్తూ జుట్టంతా గీశా. జేబూ పెన్నూ అంతకుముందే సరిగ్గా గీసినవి, కాబట్టి నాకు తేడా కనిపించలేదు. గ్రూపులో వాళ్లకి కనిపించే వీలే లేదు. నల్లగా నింపిన బొమ్మలో పాపిడి ఉండదు.

మొత్తం బొమ్మ తిప్పితే పెన్ను కుడి వైపుకి పోతుంది. జుట్టు పొరలు మాత్రమే విడిగా తిప్పా. చెవి దగ్గర నెరిసిన పట్టీ ఆరు పిక్సెళ్లు పక్కకి జరిగింది, దాన్ని లాగి సరిచేశా. సుడి కూడా అటు నుంచి ఇటొచ్చింది. అది ఎటు ఉండేదో ఫోటోలో తెలీడం లేదు. అమ్మనడిగా.

"తిప్పింది తిప్పినట్టే ఉంచు, అక్కడే" అంది. ఈసారి ఫోన్ దగ్గరగా పెట్టుకోలేదు. "ప్రింటుకిచ్చెయ్. మళ్లీ ముహూర్తం దగ్గర పడితే వాళ్లు దొరకరు."